జాబ్ యాడ్‌లో ఒకే వాక్యంలో పనులన్నీ, చివర్లు కలిశాయా చెప్పండి

అందరికీ నమస్తే, బెంగళూరు మారతహళ్లిలో మా బావగారి కిరాణా షాపుకి తెలుగువాళ్ల కోసం యాడ్ రాస్తున్నాం, ఆయన రాసింది ఇది:

"బిల్లులు కొట్టడం, స్టాక్ రాసుకోవడం, సప్లయర్లకి ఫోన్లు చేయాలి, డెలివరీ కుర్రాళ్ల పర్యవేక్షణ, రాత్రి క్యాష్ లెక్క చూసి షట్టర్ వేయడం మీ పనులు."

నేను ఒక్కోదాని పక్కన "మీ పని" పెట్టి చదివి చూశా. "బిల్లులు కొట్టడం మీ పని" బాగానే ఉంది, "ఫోన్లు చేయాలి మీ పని" మాత్రం అతకట్లేదు కాబట్టి అది "చేయడం" అవ్వాలి, అందులో డౌట్ లేదు. "పర్యవేక్షణ మీ పని" అతుకుతోంది కానీ మిగతావన్నీ "-డం"తో ఆగుతుంటే అదొక్కటే వేరేగా వినిపిస్తోంది, "కుర్రాళ్లని చూసుకోవడం" అని మార్చాలా లేక వదిలేయొచ్చా? ఇంకోటి, "లెక్క చూసి" అనేది "వేయడం"కి ముందు జరిగే పనే కదా, దాన్ని అలాగే ఉంచొచ్చనుకుంటున్నా, కానీ లెక్క చూడటం కూడా అసలు డ్యూటీయే, అందుకని "లెక్క చూడటం, షట్టర్ వేయడం" అని విడగొట్టాలా?