లేబుల్ ఫోటో నుంచి పట్టిక: ఎకరం గడిని మోడల్ నింపాలా, ఖాళీగా వదలాలా?

పెనుగొండ కుర్రాడు: మా రైతు సంఘం కోసం పురుగుమందు లేబుళ్లు, ఎరువుల కట్టలు ఫోన్‌తో ఫోటో తీసి, ఏఐ మోడల్‌కి ఇచ్చి పట్టిక చేయిస్తున్నాను. పేరు, శాతం, ఎకరాకి మోతాదు, ఇవే గళ్లు. కాగితం మీద హెక్టారు లెక్క మాత్రమే ఉన్నప్పుడు ఎకరం గడిని మోడల్‌తోనే లెక్క కట్టించనా, ఖాళీగా వదిలేయనా?

కాకినాడ ప్రోగ్రామర్: లెక్క కట్టించండి. హెక్టారుకి 2.47 ఎకరాలు, ఒక భాగహారంతో అయిపోతుంది. ఖాళీ గడి ఉన్న పట్టికను రైతు ఏం చేసుకుంటాడు? చదవడంలో తప్పు పడుతుందని భయమైతే తనిఖీ పెట్టుకోండి. కరపత్రంలో అసలు మందు ఎన్ని గ్రాములు, సీసాలోని మందు ఎన్ని మిల్లీలీటర్లు అని రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. శాతాన్ని రెండోదానితో హెచ్చిస్తే మొదటిది రావాలి. రాకపోతే ఆ వరసను తీసేయండి.

భీమవరం మందుల కొట్టు: నేను 20 ఏళ్లకు పైగా ఈ కాగితాలు చదివి రైతులకు చెబుతున్నానండి. భాగహారంలో ఇబ్బంది లేదు. దేన్ని భాగిస్తున్నామో తెలియకపోవడమే ఇబ్బంది.

వరిలో కాండం తొలుచు పురుగుకి కొట్టే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. తీసుకోండి. చిన్న సీసా మీద మోతాదు ఉండదు, కరపత్రం చూడమని ఉంటుంది. అది మడతలు పెట్టిన పలచటి కాగితం. అందులో వరి వరసలో 30, 150, 500, 47 అని నాలుగు అంకెలు వస్తాయి. అసలు మందు 30 గ్రాములు, సీసాలోని మందు 150 మిల్లీలీటర్లు, నీళ్లు 500 లీటర్లు, కొట్టాక కోతకు ఆగాల్సింది 47 రోజులు. మొదటి మూడూ హెక్టారుకి. ఆ మాట మాత్రం పైన తలగడిలో ఒక్కసారే ఉంటుంది. ఫోటోలో ఆ పై భాగం మడతలోకి పోయిందంటే మిగిలేవి నాలుగు అంకెలే. మీరు ఎకరాకి మోతాదు అడిగారు కాబట్టి మోడల్ 150ని తెచ్చి ఎకరం గడిలో పెడుతుంది. వేయాల్సింది 60, వేసేది 150. రెండున్నర రెట్లు.

ప్రోగ్రామర్ గారి తనిఖీ ఈ తప్పును పట్టలేదు. 30, 150 రెండూ ఒకే విస్తీర్ణానికి రాసినవి. హెక్టారని రాసినా, పొరపాటున ఎకరమని రాసినా హెచ్చవేత అలాగే సరిపోతుంది.

రాజోలు రైతు: నాకు ఇదంతా ఎందుకో అర్థం కాలేదండి. నేను డీఏపీ కట్ట ఫోటో తీసి పెడితే ఎకరాకి 50 కిలోలని చక్కగా వచ్చింది. మా నాన్నగారు కూడా సార్వాలో ఎకరాకి కట్టే వేసేవారు. ఏఐ బాగానే చదువుతోంది. ఇంతకీ మా కొబ్బరికి ఎంత వేయాలో కూడా చెబుతుందా?

భీమవరం మందుల కొట్టు: బాబాయ్ గారూ, ఆ 50 మోతాదు కాదండి, కట్ట నికర బరువు. ఎరువు కట్ట మీద పోషకాల శాతాలు, బరువు, ధర, ఇలాంటివి ఉంటాయి. మీ నేలకు ఎంత వేయాలో అది చెప్పదు. గడి అడిగింది కాబట్టి దొరికిన కిలోల అంకెను మోడల్ అందులో వేసేసింది. మీ అలవాటుతో కలవడం కాకతాళీయం. ఇప్పటి యూరియా కట్ట పెట్టి చూడండి, 45 అని వస్తుంది. కొబ్బరికి చెట్టు లెక్కన వేస్తాం, కట్టలో దానికి జవాబు ఉండదు.

ఆచంట వ్యవసాయ సహాయకురాలు: ఎరువులకు మోతాదు గడి అసలు పెట్టకండి. దాని బదులు కట్టలో పోషకం ఎన్ని కిలోలో పెడితే పనికొస్తుంది. డీఏపీ 18-46-0, కట్ట 50 కిలోలు. అంటే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. ఎకరాకి 24 కిలోల భాస్వరం కావాలనుకున్న రైతుకి కట్ట మీద ఇంకో రెండు కిలోల ఎరువు పడుతుందని అక్కడే తెలిసిపోతుంది. ఇంకొక్కటి. 20-20-0-13లో చివరి 13 గంధకం. మూడు గళ్లే పెడితే సున్నాను వదిలేసి 13ని పొటాష్ కింద వేసిన పట్టికలు నా చేతికి వచ్చాయి.

పురుగుమందుల విషయంలో మాత్రం ఖాళీ వదలడానికి నేను ఒప్పుకోనండి. ఖాళీ చూసిన రైతు పక్క చేను ఆయన్ని అడుగుతాడు. ఆయన ట్యాంకుకి మూత లెక్క చెబుతాడు. దానికన్నా, లెక్క కట్టామని చెప్పి 60 రాయడం మేలు.

కాకినాడ ప్రోగ్రామర్: విస్తీర్ణం సంగతి ఒప్పుకుంటున్నాను, నా తనిఖీ దాన్ని పట్టదు. కానీ మీ ఉదాహరణకే లెక్క వేస్తే 150కి 18.5 శాతం 27.75 వచ్చింది. కాగితం మీద 30 ఉంది. మరి కాగితమే తప్పా?

భీమవరం మందుల కొట్టు: కాగితం తప్పు కాదు. 18.5 అన్నది బరువులో శాతం, 150 అన్నది కొలతలో మిల్లీలీటర్లు. ఆ మందు నీళ్లకన్నా కాస్త బరువు, లీటరులో అసలు మందు 200 గ్రాములు ఉంటుంది. ఆ లెక్కన 150 మిల్లీలీటర్లలో సరిగ్గా 30 గ్రాములు. మీరు ఖచ్చితంగా సరిపోవాలని పట్టుబడితే సరైన వరసే పోతుంది.

అలాగని తనిఖీ తీసేయమనను. ఇదే మందు గుళికల్లో 0.4 శాతం, హెక్టారుకి 10 కిలోలు, అసలు మందు 40 గ్రాములు. సంచి మెరుపులో దశాంశ చుక్క కనిపించక 4 అని చదివితే 400 గ్రాములు వస్తుంది. మన దగ్గర కార్టాప్ గుళికలు 4 శాతమే కాబట్టి ఆ 4 చూసి ఎవరికీ అనుమానం రాదు. అక్కడ మీ లెక్కే కాపాడుతుంది.

కాకినాడ ప్రోగ్రామర్: అయితే ద్రవ మందులకు కొంత సడలింపు ఇద్దాం. 12 శాతం అన్నది నా అంచనా, ఇంకా బరువైన మందులకు పెంచాల్సి రావచ్చు. ద్రవమైతే `dose` మిల్లీలీటర్లలో, గుళికలైతే గ్రాముల్లో ఇవ్వాలి. `ai` అంటే కాగితం మీదున్న అసలు మందు గ్రాములు.

```
calc = pct / 100 * dose
ok = abs(calc - ai) <= 0.12 * ai
```

ఎకరం లెక్కను మోడల్‌తో చేయించవద్దని కూడా ఇప్పుడు అంటాను. అది కాగితం మీదున్నది మాత్రమే రాయాలి. తలగడిలో ఉన్న మాటను ఉన్నదున్నట్టు ఒక గడిలో దించాలి. భాగహారం మన షీట్ చేస్తుంది.

```
header_text: "Dosage per ha"
printed_dose: 150
printed_unit: ml/ha
acre_dose: 60.7
acre_source: calc
```

`header_text` ఖాళీగా వస్తే `acre_dose` కూడా ఖాళీ.

ఆచంట వ్యవసాయ సహాయకురాలు: 60.7 రైతు ఎలా కొలుస్తాడండి? 60 అని రాయండి, ఎకరాకని కొనే సీసా కూడా 60 మిల్లీలీటర్లే. నీళ్లు 200 లీటర్లు. తలగడి కనపడకపోతే ఖాళీ వదలడం కూడా నాకు నచ్చలేదు. దాళ్వాలో మొవ్వులు ఎండిపోతుంటే రైతు రేపటిదాకా ఆగడు.

భీమవరం మందుల కొట్టు: ఆగకపోతే నాకో మరో కొట్టుకో వస్తాడు, కాగితం విప్పి చూపిస్తాం. తెలియని అంకెను మాత్రం పట్టికలో పెట్టనివ్వనమ్మా. పట్టికలో ఉన్నదాన్ని ఎవరూ మళ్లీ అనుమానించరు.

పెనుగొండ కుర్రాడు: తలగడి గడి పెట్టి, పాత ఫోటోలు 14 మళ్లీ చదివించాను. తొమ్మిదింటిలో హెక్టారని వచ్చింది. నాలుగింటిలో తలగడి ఫోటోలోనే లేదు. ఆ నాలుగింటికీ నా పాత పట్టికలో ఎకరం అంకెలు ధీమాగా ఉన్నాయి, వాటిని తీసేశాను. మిగిలిన ఒకదానిలో లీటరు నీటికి ఇన్ని గ్రాములని ఉంది, విస్తీర్ణం ఊసే లేదు. ఎకరాకి ఎన్ని నీళ్లు పోస్తారనే దాన్ని బట్టి మోతాదు మారిపోతుంది కదండీ. దీనికి 200 లీటర్లు అనుకుని రాయనా?

రాజోలు రైతు: మేము చేతి పంపుతో 10 ట్యాంకులు కొడతాం, ట్యాంకు 16 లీటర్లు. మా తమ్ముడు పవర్ స్ప్రేయర్‌తో అందులో సగానికే ముగిస్తాడు. ఏది రాస్తావు బాబూ?