మొదటి ప్రపంచ యుద్ధం: హత్య సరే, ఆ తర్వాతి 37 రోజుల సంగతేంటి?

డిగ్రీ_సెకండియర్:
సారాయెవోలో ఆస్ట్రియా సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్‌ని చంపడం వల్లే యుద్ధం వచ్చిందని స్కూల్లో చదివాం. కాలేజీకొచ్చాక కూటములు, ఆయుధ పోటీ అసలు కారణాలంటున్నారు. కూటములు అప్పటికే 30 ఏళ్లుగా ఉన్నాయి కదా, మరి 1914లోనే ఎందుకు పేలింది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బందరు_శ్రీను:
కూటములే తమ్ముడూ, అందులో అనుమానం లేదు. ఆస్ట్రియా సెర్బియా మీద పడింది. సెర్బియాతో ఒప్పందం ఉంది కాబట్టి రష్యా దిగింది. ఆస్ట్రియా కోసం జర్మనీ, రష్యా కోసం ఫ్రాన్స్, ఫ్రాన్స్ కోసం బ్రిటన్. సంతకం పెట్టాక ఎవరైనా తప్పుకోగలరా? ఆర్చ్‌డ్యూక్‌ని చంపిన ప్రిన్సిప్ తుపాకీ పేల్చకపోయినా ఇంకో నెపం దొరికేది.

పాత_రైల్వేమ్యాప్:
శ్రీను గారూ, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. సెర్బియాకీ రష్యాకీ మధ్య రాతపూర్వక సైనిక ఒప్పందమే లేదు. సంతకం పెట్టిన ఇటలీ ఏం చేసిందో చూడండి. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో కూటమిలో ఉండి కూడా 1914 ఆగస్టులో తటస్థమంది, 1915 మేలో ఏకంగా అవతలి పక్షాన చేరింది. రుమేనియాదీ మొదట్లో అదే దారి, ఒప్పందం ఉన్నా కదల్లేదు. బ్రిటన్‌కి ఫ్రాన్స్ తరఫున యుద్ధం చేయాలన్న ఒప్పందమే లేదు. జర్మనీ బెల్జియంని దారి ఇమ్మని అడిగేదాకా లండన్ కేబినెట్‌లో సగం మంది యుద్ధానికి ఒప్పుకోలేదు.

అంటే సంతకాలు ఎవర్నీ మెడబట్టి యుద్ధంలోకి ఈడ్చలేదు. అవి చేసిన పని వేరు. రేపు ఎవరితో పోరాడాలో సైన్యాధికారులకు ముందే చెప్పేశాయి. ఫ్రాన్స్, రష్యా 1894లో ఒక్కటయ్యాక జర్మనీకి రెండు వైపులా శత్రువే. దాంతో వాళ్ల ప్లాన్ ఇలా తయారైంది: బలగాన్నంతా ముందు పడమటికి పంపి ఆరు వారాల్లో ఫ్రాన్స్ పని ముగించాలి, ఆ తర్వాత అదే సైన్యాన్ని రైళ్లలో తూర్పుకి తిప్పాలి. ఇదంతా రష్యా నెమ్మదిగా కదులుతుందన్న ఒక్క లెక్క మీద నిలబడింది.

తమ్ముడు అడిగిన ‘1914లోనే ఎందుకు’ అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఫ్రాన్స్ అప్పులిచ్చి మరీ రష్యాతో సరిహద్దు వైపు రైలు మార్గాలు వేయిస్తోంది. 1914లో రష్యా ఆమోదించిన భారీ సైనిక విస్తరణ 1917కి పూర్తి కావాలి. అది పూర్తయితే ఆరు వారాల లెక్క చిత్తు కాగితమే. అందుకే జర్మన్ సైన్యాధిపతి మోల్ట్‌కే యుద్ధం తప్పనప్పుడు ఎంత త్వరగా వస్తే అంత మంచిదని 1912 డిసెంబరులోనే జర్మన్ చక్రవర్తి కైజర్ ముందు అన్నాడు. ఆయుధ పోటీ అంటే తుపాకులు పెరగడం ఒక్కటే కాదు, ఆలస్యం చేస్తే ఓడిపోతామన్న భయం కూడా.

చెన్నపట్నం_తెలుగు:
మా ఇంట్లో ఈ యుద్ధం అంటే ఎమ్డెన్ కథే. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ ఓడ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకుని మంటలు ఊరంతా కనపడ్డాయట. మా నాయనమ్మ వాళ్ల అమ్మగారు మూటాముల్లె సర్దుకుని నెల్లూరు వైపు పుట్టింటికి వెళ్లిపోయారని చెప్పేవాళ్లు. జర్మనీకి అంత దూరం వచ్చి కొట్టే నౌకలుండటమే బ్రిటన్‌కి మంట. నన్నడిగితే అసలు కారణం నౌకల పోటీయే.

పాత_రైల్వేమ్యాప్:
మీ ఇంటి కథ బాగుందండీ, ఇలాంటివి రాసి పెట్టుకోవాలి. కాకపోతే ఎమ్డెన్ తేలికపాటి క్రూజర్, చైనా తీరంలోని జర్మన్ స్థావరం నుంచి వచ్చింది. బ్రిటన్‌ని భయపెట్టినవి వేరే, ఉత్తర సముద్రంలోని పెద్ద యుద్ధనౌకలు. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే కొత్తరకం యుద్ధనౌకని దింపాక ఆ పోటీ నిజంగానే ముదిరింది. అయితే 1912 నాటికి జర్మనీ దాదాపు చేతులెత్తేసింది. రష్యా భయంతో డబ్బు సైన్యం వైపు మళ్లింది. 1913లో జర్మనీ తన సైన్యాన్ని భారీగా పెంచుకుంటే, ఫ్రాన్స్ కూడా నిర్బంధ సైనిక సేవను మూడేళ్లు చేసింది.

నౌకల పోటీ మిగిల్చింది ఇంకోటి. 1912లో ఫ్రాన్స్ తన నౌకాదళాన్ని మధ్యధరాకి తరలించి, ఉత్తర తీరం బ్రిటన్ చూసుకుంటుందన్న నమ్మకంతో కూర్చుంది. కాగితం మీద హామీ లేకపోయినా, 1914లో ఆ తీరాన్ని గాలికొదిలేయడం బ్రిటిష్ విదేశాంగ మంత్రి గ్రేకి సాధ్యం కాలేదు.

ఓరుగల్లు_మాస్టారు:
రైళ్లు, నౌకలు, ప్లాన్లు అంటూ పోతే మనుషుల బాధ్యత ఎక్కడికి పోయింది? జులై 5న ఆస్ట్రియా ఏం చేసినా వెనక మేమున్నామని కైజర్ మాటిచ్చాడు. ఏ రైలు టైంటేబుల్ ఆయన చేత ఆ మాట అనిపించింది? హంగరీ ప్రధాని టిసా సెర్బియాపై యుద్ధం వద్దని జులై 14 దాకా అడ్డుపడ్డాడు, అంటే వద్దనే వీలుంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయింకరే రష్యా పర్యటన ముగించుకుని ఓడెక్కేదాకా ఆగి, జులై 23న 48 గంటల గడువుతో ఆస్ట్రియావాళ్లు సెర్బియాకి అల్టిమేటం ఇచ్చారు. ఫ్రాన్స్, రష్యా నాయకులు ఒకచోట ఉండగా ఇస్తే కలిసి జవాబు తేల్చుకుంటారని అంత లెక్కగా ఆగారు. ఇది తెలిసి చేసిన పని.

పాత_రైల్వేమ్యాప్:
మాస్టారూ, జులై 28 దాకా మీ మాటే నా మాట. టైంటేబుళ్ల పెత్తనం చివరి వారంలో మొదలైంది. జులై 29 రాత్రి కైజర్ టెలిగ్రాం చూసి రష్యా చక్రవర్తి జార్ నికొలస్ పూర్తి సైన్య సమీకరణ ఉత్తర్వు రద్దు చేసి, ఆస్ట్రియా వైపు మాత్రమే కదలమన్నాడు. అధికారులు తలలు పట్టుకున్నారు. సగం సమీకరిస్తే రైళ్లన్నీ తారుమారై, తర్వాత పూర్తిగా చేయాలన్నా కుదరదని. మర్నాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి సజోనోవ్ నచ్చజెప్పాక జార్ మళ్లీ ఒప్పుకున్నాడు.

రష్యా సమీకరించినా సైన్యం సరిహద్దులో వారాల తరబడి ఊరికే కూర్చోవచ్చు. జర్మనీకి ఆ వీలు లేదు. వాళ్ల ప్లాన్ ప్రకారం మొదటి రోజుల్లోనే బెల్జియంలోని లియేజ్ కోటల్ని పట్టుకోవాలి, పడమటికి వెళ్లే రైలు మార్గం అక్కడే బిగుసుకుంది. వాళ్లకి సమీకరణ అంటే యుద్ధమే.

ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్‌లో జరిగింది వినండి. బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చని లండన్ రాయబారి నుంచి టెలిగ్రాం వచ్చింది. కైజర్ సంబరపడి, అయితే సైన్యమంతా తూర్పుకే పోదామన్నాడు. మోల్ట్‌కే కుదరదన్నాడు. తూర్పు ప్లాన్‌ని 1913లోనే పక్కన పెట్టేశారు, లక్షల మందిని అప్పటికప్పుడు తిప్పితే సైన్యం గుంపుగా మిగులుతుందని ఆయన వాదన. లక్సెంబర్గ్ వైపు కదలబోతున్న డివిజన్‌ని ఆపమని కైజర్ ఉత్తర్వు పంపించాడు కూడా. రాత్రికి లండన్ మాట వట్టిదని తేలింది, ఇక నీ ఇష్టమన్నాడు. ఆ తర్వాత కొలోన్ దగ్గర రైన్ వంతెన మీద పది పన్నెండు నిమిషాలకో రైలు, రెండు వారాలకు పైగా.

డిగ్రీ_సెకండియర్:
అయితే జులై 30న రష్యా ఆగి ఉంటే యుద్ధం ఆగేదా సార్?

పాత_రైల్వేమ్యాప్:
కొన్ని రోజులు దొరికేవి. సెర్బియా జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని జులై 28 ఉదయం కైజరే రాశాడు. ఆస్ట్రియా బెల్‌గ్రేడ్ పట్టుకుని అక్కడితో ఆగాలన్నాడు.

ఓరుగల్లు_మాస్టారు:
ఆ సలహాని జర్మన్ చాన్సలర్ బెత్మన్ ఆ రాత్రి దాకా వియన్నాకి పంపలేదు. పంపినప్పుడు కూడా పదును తగ్గించి పంపాడు. ఆలోపే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించేసింది. నాలుగు దేశాలు కూర్చుని తేల్చుదామని గ్రే చెబితే జర్మనీ అంతకుముందే కాదంది. అలాంటివాళ్లకి ఇంకో వారం ఇచ్చినా ఏం చేసేవాళ్లు?

బందరు_శ్రీను:
సెర్బియాతో సంతకం లేదన్నది నాకు కొత్త విషయం. అయినా మాస్టారూ, సంతకం లేకుండానే రష్యా దిగిందంటే వాళ్ల సంగతీ తేల్చాలిగా. ఆస్ట్రియా బోస్నియాని కలిపేసుకున్న విషయంలో 1909లో జర్మనీ గద్దిస్తే తలొంచుకున్నారు. ఈసారీ తలొంచితే బాల్కన్లలో పరువేం మిగిలేదని వాళ్ల లెక్క. బెర్లిన్ ఒక్కదాన్నే బోనులో నిలబెడితే నేనొప్పుకోను.