రిపోర్టులో "నమూనా ప్రామాణిక విచలనం" అని రాయొచ్చా?

నీటి ల్యాబు, భీమవరం

రొయ్యల చెరువుల నీటి పరీక్ష రిపోర్టు ఫారాన్ని తెలుగులోకి మారుస్తున్నామండి. మొత్తం క్షారత దగ్గర ఒక మాట తేలడం లేదు.

ఒకే సీసాలోంచి 50 మి.లీ. చొప్పున ఐదుసార్లు నీళ్ళు తీసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేశాం. బ్యూరెట్ రీడింగులు 6.9, 7.1, 7.2, 7.0, 7.3 మి.లీ. ఈ కొలతల్లో ఒక మి.లీ. ఆమ్లానికి లీటరుకి 20 మి.గ్రా. క్షారత. కాబట్టి ఫలితాలు 138, 142, 144, 140, 146. సగటు 142.

దీని పక్కన ఇంగ్లీషు ఫారంలో శాంపిల్ ఎస్.డి. అని ఉంది. "నమూనా ప్రామాణిక విచలనం" అని రాస్తే రైతు నీటి నమూనా అనుకుంటాడు. పైగా మా షీటులో 2.83 వస్తోంది, కాలిక్యులేటర్ 3.16 అంటోంది. ఏ మాట రాయాలి, ఏ అంకె వెయ్యాలి?

ఇంటర్ లెక్కలు, తణుకు

2.83 వెయ్యండి. సగటు నుంచి తేడాలు -4, 0, 2, -2, 4. వాటి వర్గాలు కలిపితే 40. రీడింగులు ఐదు, కాబట్టి ఐదుతో భాగిస్తే 8, దాని వర్గమూలం 2.83. ఇంటర్లో పిల్లలకి చెప్పే సూత్రం ఇదే. 3.16 రావాలంటే నాలుగుతో భాగించాలి. చేసింది ఐదైతే నాలుగెక్కణ్ణుంచి వచ్చింది? ఇక మాటంటారా, "ప్రామాణిక విచలనం" చాలు. ముందు ఏమీ తగిలించక్కర్లేదు.

అనువాదం పని, రాజమండ్రి

మాట సంగతి నేను చెబుతాను. తెలుగు గణాంకశాస్త్ర పుస్తకాల్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి జనాభాది, ఒకటి ప్రతిరూపానిది. మీరు ఊళ్ళో చెరువులన్నీ పరీక్షించలేదు, ఒక చెరువే చూశారు. కాబట్టి మీది ప్రతిరూపం. "ప్రతిరూప ప్రామాణిక విచలనం" అని రాసెయ్యండి.

స్టాటిస్టిక్స్, అమలాపురం

రాజమండ్రి వారు చెప్పిన జవాబు సరే గాని కారణం అది కాదండి. ఇక్కడ ఊళ్ళో చెరువుల ప్రసక్తే లేదు. ఆ సీసా నీళ్ళని అదే బ్యూరెట్‌తో, అదే చేత్తో ఎన్నిసార్లయినా టైట్రేట్ చేస్తూ పోవచ్చు. అలా రాగల రీడింగులన్నీ కలిపి ఇక్కడ మొత్తం. అందులో మన చేతికి అందినవి ఐదు. రిపోర్టులో ± పక్కన అంకె వేసేది ఆ ఐదింటి గురించి చెప్పడానికి కాదు, ఈ పద్ధతిలో రీడింగు ఎంత అటూఇటూ అవుతుందో చెప్పడానికి. ఉన్నవాటిని పట్టుకుని లేనివాటి గురించి మాట్లాడుతున్నాం కాబట్టే నాలుగుతో భాగించాలి.

నాలుగెక్కణ్ణుంచి వచ్చిందో తణుకు మేష్టారు రాసిన తేడాల్లోనే ఉంది. మొదటి నాలుగూ -4, 0, 2, -2. కలిపితే -4. సగటు నుంచి తీసిన తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి కాబట్టి ఐదోది +4 అయి తీరాలి, చూడకుండానే చెప్పొచ్చు. అంటే స్వేచ్ఛగా మారగలిగినవి నాలుగే.

ఇంకో వైపు నుంచి చూడండి. ఆ నీళ్ళ అసలు క్షారత 142 అని ఎవరికీ తెలీదు, అది మన ఐదు రీడింగుల సగటు మాత్రమే. అసలు విలువ 143 అనుకుని తేడాలు తీస్తే -5, -1, 1, -3, 3. వర్గాల మొత్తం 45. 141 అనుకున్నా 45 వస్తుంది. ఏ ఐదు అంకెలైనా తమ సొంత సగటుకే అన్నిటికన్నా దగ్గరగా ఉంటాయి. అందుకని ఈ 40 అనేది ఉండాల్సినదాని కన్నా తక్కువగా ఉంటుందే తప్ప ఎక్కువ కాదు. ఐదుతో భాగిస్తే ఆ తక్కువ అలాగే ఉండిపోతుంది, నాలుగుతో భాగిస్తే సగటున సరిపోతుంది.

ఇంటర్ లెక్కలు, తణుకు

ఐదో తేడా సంగతి ఒప్పుకుంటాను. కాని ఇంటర్ సూత్రం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

స్టాటిస్టిక్స్, అమలాపురం

తప్పని నేను అనలేదే. ఇచ్చిన అంకెలే మొత్తం అన్నప్పుడు అది కచ్చితంగా ఒప్పు, ఇంటర్ లెక్కల్లో అడిగేదీ అదే. ల్యాబులో ఆ పరిస్థితి చాలా అరుదు.

చెరువు రైతు, ఆకివీడు

మధ్యలో నాదొకటి చెప్పండి. నాకు ఎనిమిది చెరువులు. ఒకే రోజు ఎనిమిదింటి నీళ్ళూ ఇచ్చాను, ఒక్కోదానికి ఒక్కో అంకె వచ్చింది. నా చెరువుల్లో తేడా ఎంతుందో చూసుకోవాలి. నేనూ ఏడుతోనే భాగించాలా? మిగిలిన చెరువంటూ ఏదీ లేదు కదా.

స్టాటిస్టిక్స్, అమలాపురం

బాగా అడిగారు. ఆ రోజు, ఆ ఎనిమిది చెరువులు, అంతవరకే మాట్లాడితే ఎనిమిదితో భాగించండి. ఇంటర్ సూత్రానికి సరైన చోటు అదే. వచ్చే నెల ఎలా ఉంటుందో అంచనా వేసుకోడానికో, చుట్టుపక్కల చెరువులతో పోల్చడానికో అయితే ఏడు. ఒకే అంకెలు, ప్రశ్న మారితే సూత్రం మారుతుంది. ఎనిమిది దగ్గర రెండింటికీ తేడా 7 శాతం లోపే. ముప్ఫై దాటాక 2 శాతం కూడా ఉండదు. రెండే రీడింగులు ఉన్నప్పుడు మాత్రం 41 శాతం. ఖర్చు కలిసొస్తుందని రెండేసి టైట్రేషన్లతో సరిపెట్టే చోటే ఈ గొడవ అసలు పట్టించుకోవాలి.

చెరువు రైతు, ఆకివీడు

మరి భీమవరం వారి ± 3 చూసి, నా చెరువంతా 139కీ 145కీ మధ్య ఉందని అనుకోవచ్చా?

నీటి ల్యాబు, భీమవరం

అనుకోకూడదండి. ఐదు రీడింగులూ ఒకే సీసావి. అందులో ఉన్న తేడా మా చేతిదీ, బ్యూరెట్‌దీ, రంగు ఎక్కడ తిరిగిందో కన్ను గుర్తుపట్టడంలోదీ. మిథైల్ ఆరెంజ్ పసుపు నుంచి నారింజకి తిరిగే చోట రెండు చుక్కలు అటో ఇటో పడితే బ్యూరెట్‌లో 0.1 మి.లీ. మారుతుంది, అంటే 2 మి.గ్రా. తూము దగ్గర నీళ్ళకీ, ఏరేటర్ దగ్గర నీళ్ళకీ, అడుగు నీళ్ళకీ ఉండే తేడా ఇందులో లేదు. అది కావాలంటే ఐదు చోట్ల ఐదు సీసాలు పట్టాలి. నాలుగుతో భాగించినా ఐదుతో భాగించినా ఒక సీసా లెక్కలోంచి చెరువు లెక్క పుట్టదు.

అన్నట్టు, ఆ 139, 145 మధ్యన మా రీడింగులు కూడా మూడే ఉన్నాయి. 138, 146 బయటే. ± అంటే హద్దు కాదు.

స్టాటిస్టిక్స్, అమలాపురం

ఇంతకీ మీ షీటులో 2.83 ఎందుకొచ్చిందో చూశారా? కాలిక్యులేటర్‌లో `xσn-1` నొక్కి ఉంటారు, అందుకే 3.16. షీటులో ఏ ఫంక్షన్ ఉంది? `STDEV.P` ఉంటే ఐదుతో భాగిస్తుంది, దాన్ని మార్చేస్తే సరి.

నీటి ల్యాబు, భీమవరం

అదే అర్థం కావట్లేదండి. ఉన్నది `STDEV.S`. అయినా 2.83 చూపిస్తోంది. గడిలో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను. రీడింగులు B2 నుంచి మొదలు.

```
B7: =AVERAGE(B2:B6)
B8: =STDEV.S(B2:B7)
```

స్టాటిస్టిక్స్, అమలాపురం

దొరికింది. B8లో B7 వరకు పట్టుకుంది. అంటే సగటుని కూడా ఆరో రీడింగుగా కలిపేసింది. సగటుకి సగటుతో తేడా సున్నా, కాబట్టి వర్గాల మొత్తం 40 దగ్గరే ఆగింది. ఆరింటికి ఒకటి తగ్గించి ఐదుతో భాగించింది. వచ్చింది 2.83.

ఈ రెండూ ఎప్పుడూ ఇలాగే కలుస్తాయి. సగటు గడి కూడా కలిస్తే `STDEV.S` ఇచ్చేది అచ్చంగా `STDEV.P` అంకే. అందుకే ఈ పొరపాటు పట్టుబడదు. ఫంక్షన్ పేరు సరిగ్గా ఉంటుంది, అంకె నమ్మేలా ఉంటుంది, ఇంటర్ సూత్రంతో సరిచూసినా సరిపోతుంది. పట్టుకోవాలంటే పక్క గడిలో `=COUNT(B2:B7)` వెయ్యండి. ఐదు రావాల్సిన చోట ఆరు వస్తే సంగతి తెలిసిపోతుంది. B8లో B6 వరకే ఉంచండి, 3.16 వస్తుంది.

పైథాన్ వాడేవాళ్ళకి కూడా ఒక మాట. `numpy.std` ఏమీ చెప్పకపోతే మొత్తం సంఖ్యతో భాగిస్తుంది, `ddof=1` అని ఇవ్వాలి. పాండాస్‌లో `std` మాత్రం తనంతట తనే ఒకటి తగ్గిస్తుంది. ఒకే అంకెల మీద రెండూ రెండు జవాబులు చెబుతాయి.

ఇంటర్ లెక్కలు, తణుకు

అంటే నేను సరిచూసి సరే అన్నది ఆ తప్పు గడినన్నమాట. సరే, ఇప్పటికే ఇచ్చిన పాత రిపోర్టులు దిద్దాలంటే రీడింగులన్నీ మళ్ళీ ఎక్కించాలా?

స్టాటిస్టిక్స్, అమలాపురం

అక్కర్లేదు, ఎన్ని రీడింగులో తెలిస్తే చాలు. ఐదైతే పాత అంకెని 5/4 వర్గమూలంతో, అంటే 1.118తో గుణించండి. 2.83 కాస్తా 3.16 అవుతుంది. ఎన్ని రీడింగులో రాయని రిపోర్టుని మాత్రం దిద్దలేరు. దశాంశాలు మాత్రం 3.1623 అంటూ లాగొద్దు. మీ బ్యూరెట్‌లో ఒక చిన్న గీతే 2 మి.గ్రా. అయినప్పుడు 142 ± 3 చాలు.

అనువాదం పని, రాజమండ్రి

అయితే వాక్యం ఇలా పెట్టొచ్చా? "142 ± 3 మి.గ్రా./లీ., ఒకే నీటి సీసా మీద 5 టైట్రేషన్లు, ప్రతిరూప ప్రామాణిక విచలనం, 4తో భాగించినది." సీసా ఒకటే అని పక్కనే ఉంటే రైతుకి అనుమానం రాదు.

నీటి ల్యాబు, భీమవరం

సీసా, టైట్రేషన్లు, నాలుగుతో భాగించిన సంగతి, మూడూ ఉంచుతాను. "ప్రతిరూపం" తీసేస్తానండి. రైతు సంగతి అటుంచండి, మా ల్యాబులోనే ఆ మాట ఎవరూ అనరు.

అనువాదం పని, రాజమండ్రి

తీసేస్తే రేపు ఇంకో ల్యాబు వాళ్ళు ఏ రకం వేశారో ఎలా పోలుస్తారు? పుస్తకంలో ఉన్న మాటని మనమే వాడకపోతే ఇంకెవరు వాడతారు?

చెరువు రైతు, ఆకివీడు

నాలుగుతో భాగించారని రాశారుగా, పోల్చుకోడానికి అది చాలు. నా ఎనిమిది చెరువుల కాగితం మీద మాత్రం "8 చెరువులు, 8తో భాగించినది" అని వెయ్యండి. ఆ ఎనిమిదీ నావే, ఇంకెక్కడివీ కావు.