‘సంశయాత్మక బాకీల నిధి’లో నిధి ఎక్కడుంది?

అనువాదకురాలు: నేను తెలుగు చేస్తున్న ఒక అకౌంటింగ్ పాఠంలో, వసూలు కాకపోవచ్చనుకునే బాకీల కోసం లెక్కల్లో ముందే చూపే మొత్తానికి ‘సంశయాత్మక బాకీల నిధి’ అనే పాత మాటనే ఉంచాను. ‘ఇందులో నిధి ఏది?’ అని సంపాదకులు అడిగితే జవాబు తోచలేదు. ‘ఏర్పాటు’ అనడం మేలా?

గుమాస్తా: నిధి అన్నదే సరైన మాట. లాభంలోంచి కొంత తీసి పక్కన పెడతాం కాబట్టి, బాకీ మునిగినప్పుడు ఆ డబ్బుతోనే పూడ్చుకుంటాం.

ఆడిటర్: లాభం తగ్గుతుందన్నంతవరకు మీ మాట నిజమే కానీ, డబ్బు ఎక్కడికీ కదలదు. అరువు అమ్మకాల తాలూకు బాకీలు 10 లక్షలు ఉన్నాయనుకోండి. వాటిలో గడువు దాటని 6 లక్షలపై 1 శాతం, మూడు నెలల లోపు జాప్యమైన 3 లక్షలపై 5 శాతం, అంతకన్నా పాతబడిన లక్షపై 40 శాతం రావని అంచనా వేస్తే మొత్తం 61,000 అవుతుంది. ఈ ఏర్పాటు ఖాతాలో పాత నిల్వ 11,000 ఉంటే ఈ ఏడు ఖర్చు రాసేది 50,000 మాత్రమే. ఆ నిల్వను మరిచి 61,000 రాయడం తరచుగా కనబడే పొరపాటు. ఆస్తి అప్పుల పట్టీలో బాకీలు 9,39,000గా కనిపిస్తాయి. మరుసటి ఏడు ఒక ఖాతాదారు దివాలా తీసి 25,000 రాకపోతే, బాకీలు 9,75,000కూ, ఏర్పాటు 36,000కూ దిగుతాయి. నికరం మాత్రం అదే 9,39,000. నష్టం ముందే లెక్కకెక్కింది కనుక ఆ రోజు లాభానికి దెబ్బ తగలదు. అంచనా లేకుండా, మునిగినప్పుడే నేరుగా రద్దు రాసే పద్ధతిలోనైతే, అమ్మకపు ఆదాయం నిరుటి లెక్కలోనూ దాని నష్టం ఈ ఏటి లెక్కలోనూ పడి, నిరుడు లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ఆదాయాన్నీ దాని తాలూకు ఖర్చునూ ఒకే ఏటి లెక్కలో చూపాలనే ‘జతపరచడం’ అనే భావన వద్దనేది దీన్నే.

మరో సభ్యుడు: మా బంధువు అప్పును బ్యాంకు ‘రద్దు’ చేసిందని విన్నాం, అయినా నోటీసులు ఆగలేదు. అది అన్యాయం కాదా?

ఆడిటర్: అది మాఫీ కాదండీ. రద్దు అనేది అప్పిచ్చినవారి పుస్తకంలోని మాట. అప్పు తీర్చవలసిన బాధ్యత దానితో పోదు. అందుకే నేనైతే ‘పద్దు కొట్టివేత’ అంటాను.

అనువాదకురాలు: అయితే ‘ఏర్పాటు’ అనే రాస్తాను. కానీ ఒక సందేహం: మీరు బాకీల వయసును బట్టి లెక్కించారు, అమ్మకాలపై శాతం వేయలేదు. ఏ ఏటి అమ్మకానికి ఆ ఏటి ఖర్చు అన్నప్పుడు, అమ్మకాలపై శాతమే కదా సూత్రానికి దగ్గర?

ఆడిటర్: మంచి చోటే పట్టుకున్నారు. వయసు పట్టిక చూసేది బాకీ విలువనే. ఖర్చు అందులో కావలసిన ఏర్పాటుకూ పాత నిల్వకూ ఉన్న తేడాగా వస్తుంది. కొంత పాత అంచనా తప్పును సవరించడం కూడా అందులో కలిసిపోతుంది. అందువల్ల ఈ పద్ధతికి ‘జతపరచడం’ ఒక్కటే కారణమని పాఠంలో రాస్తే నేను ఒప్పుకోలేను.

గుమాస్తా: మా పట్టీలో మాత్రం అది ‘నిధి’గానే ఉంటుంది.