'విధి వక్రించింది', 'శని వక్రించాడు': రెండూ ఒకటేనా?

హన్మకొండ టీచర్: అందరికీ నమస్కారం. మా అక్క బిడ్డ 1999 అక్టోబరు చివరి వారంలో పుట్టింది. మొన్న సంబంధం వాళ్లు అడిగితే జాతకం జిరాక్స్ ఇచ్చాం. మేషం గడిలో 'గురు (వ), శని (వ)' అని ఉంది. వాళ్ల పెద్దాయన ఆ గడి మీద వేలు పెట్టి, "రెండు గ్రహాలు వక్రించినయి, పైగా శని నీచ" అన్నాడు. అక్క ముఖం వాడిపోయింది. రాత్రి ఫోన్ చేసి, "విధి వక్రించిందంటరు కదా, గట్లనేనా?" అని అడిగింది. నేనేం చెప్పలేకపోయాను. జాతకంలో 'వక్రించు' అంటే కూడా ఎదురు తిరగడమేనా?

కాజీపేట సార్: అమ్మా, తెలుగులో ఈ మాటకు మచ్చ పడింది. వక్రబుద్ధి, వక్రభాష్యం, నిజాలను వక్రీకరించడం, ఏది తీసుకున్నా చెడే. సంస్కృతంలో అది వట్టి వంపు. వినాయకుణ్ణి 'వక్రతుండ' అని పిలిచి దండం పెడుతున్నాం, వంపు తిరిగిన తొండమనే కదా! కుంతకుడైతే కావ్యానికి ప్రాణం వక్రోక్తేనన్నాడు. మన చెవి మాత్రం 'వక్రించాడు' వినగానే 'పగబట్టాడు' అని పట్టుకుంటుంది. ఇంకో సంగతి, 'వక్రీకరించిన శని' అని కొందరు రాస్తున్నారు, అది తప్పు. వక్రీకరించడమంటే ఇంకొకదాన్ని వంకర చేయడం. 'వక్రి' అనండి, లేదా 'వక్రగతిలో ఉన్న శని' అనండి. ఆ 'వంకర' కూడా 'వక్ర' నుంచి వచ్చిందే.

జనగామ తమ్ముడు: సార్, అసలు గ్రహం వెనక్కి పోదు. కాజీపేటలో ఎక్కి జమ్మికుంట దిక్కు పోతుంటే, పక్క పట్టా మీద గూడ్సును మన బండి దాటేటప్పుడు ఆ గూడ్సు వెనక్కి పోతున్నట్టే కనిపిస్తుంది. భూమి లోపలి దారిలో వేగంగా తిరుగుతూ శనిని దాటుతుంది, అంతే. పాతకాలం వాళ్లకు ఇది తెలియక దోషమన్నారు.

మడికొండ పంతులుగారు: బాబూ, రైలు మాట సరిగ్గా చెప్పావు. కానీ పాతవాళ్లు దోషమనలేదు. సూర్యసిద్ధాంతం గ్రహాలకు ఎనిమిది రకాల నడకలు చెప్పింది, వక్రం వాటిలో ఒకటి. ఫలితం చెప్పే దగ్గర అది బలం కిందికే వస్తుంది. షడ్బలాలు లెక్కగట్టేటప్పుడు చేష్టాబలం అని ఒకటుంది. దానికి పూర్తి విలువ 60. వక్రగతిలో ఉన్న గ్రహానికి ఆ 60 ఇస్తారు.

టీచరమ్మా, మీ అమ్మాయి చక్రంలో రవి ఎక్కడున్నాడో చూడండి. అక్టోబరు చివరంటే తులలో ఉండాలి. తుల నుంచి లెక్కపెడితే మేషం ఏడోది. అంటే రవికి సరిగ్గా ఎదురుగా గురుడు, శని. పొద్దుగూకే వేళకు తూర్పున లేచి, తెల్లారేదాకా ఆకాశంలో ఉంటారు. భూమికి దగ్గరగా ఉండేది, బాగా వెలిగేది అప్పుడే. బలమని ఎందుకన్నారో డాబా ఎక్కి చూసినవాళ్లకు అర్థమవుతుంది. చక్రంలో (వ) సరిగ్గా పడిందో లేదో చూడటానికి కూడా ఇదే మార్గం. కుజ, గురు, శనులు వక్రించేది సుమారుగా రవికి అయిదో రాశి నుంచి తొమ్మిదో రాశి దాకా ఉన్నప్పుడే. రవి పక్కనే ఉన్న శనికి (వ) కనబడితే అచ్చుతప్పే.

ఇక నీచ సంగతి. ఉత్తరకాలామృతం నీచలో వక్రించిన గ్రహాన్ని ఉచ్చలో ఉన్నట్టే చూడమంటుంది. ఆ పెద్దాయన నీచను, వక్రాన్ని కలిపి రెండు చెడ్డలుగా లెక్కపెట్టాడు. ఈ గ్రంథం ప్రకారం ఒకటి రెండోదాన్ని సరిచేస్తుంది.

పరకాల వదిన: పంతులుగారూ, మా ఇంటాయనకు శని వక్రదృష్టి ఉందని రెండేళ్ల కింద ఒకాయన చెప్పిండు. అప్పటి నుంచి షాపు నడుస్తలేదు. ఈ (వ) పోవాలంటే ఏం శాంతి చేయించాలె?

మడికొండ పంతులుగారు: అమ్మా, పుట్టినప్పటి (వ) పోయేది కాదు, పోవాల్సిన అవసరమూ లేదు. మీకు చెప్పింది శని చూపు గురించి, అది వేరే సంగతి. శని ఏటా సుమారు నాలుగున్నర నెలలు వక్రిస్తాడు. 2025లో జూలై నడుమ నుంచి నవంబరు చివరిదాకా మీనంలో వక్రంలోనే ఉన్నాడు, ఊరందరికీ అదే శని. షాపు గురించి ముందు లెక్కల పుస్తకం చూసుకోండి.

నర్సంపేట అన్న: ఆ చక్రంలో రాహుకేతువులకు కూడా (వ) ఉండాలె కదా, మొత్తం నాలుగు వక్రాలు! ఇంకోటి, వక్రి వెనక రాశి ఫలితం ఇస్తడని మా గురువుగారు చెప్పేవారు. అంటే శనిని మీనంలో ఉన్నట్టు చూడాలె.

మడికొండ పంతులుగారు: రాహుకేతువుల నడకే వెనక్కి, అందుకే వాళ్ల వక్రాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రవిచంద్రులకు వక్రమే లేదు. వెనక రాశి మాట చెప్పేవాళ్లున్నారు నిజమే. నేను అట్లా చూడను. మీ గురువుగారిని కాదనే ధైర్యమూ నాకు లేదు.

హన్మకొండ టీచర్: ఫోన్‌లో ఒక యాప్ 'శని అంతర్ముఖుడు' అని చూపిస్తోంది. ఇది ఎక్కడి మాట?

మడికొండ పంతులుగారు: నేను చదివిన పాత గ్రంథాల్లో ఈ మాట లేదమ్మా, అక్కడ బలం గురించే ఉంది. గ్రహాన్ని మనసుతో ముడిపెట్టి చూసే పద్ధతి 20వ శతాబ్దంలో పడమటి జ్యోతిషంలో బలపడింది, అంతర్ముఖం మాట అటునుంచి వచ్చింది. నేనూ కొంత వాడతాను. శని అంటే కట్టుబాటు, భయం, ఓపిక. మామూలు శనికి కట్టుబాటు బయట నుంచి వస్తుంది: నాన్న, సారు, పైఅధికారి. వక్రించిన శనికి ఆ అధికారి లోపలే కూర్చుంటాడు.

హన్మకొండ టీచర్: ఇది మా పిల్లకు సరిపోయింది. డిగ్రీ పరీక్ష రాసి ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా ప్రశ్నపత్రం ముందేసుకుని ఎర్రపెన్నుతో తన మార్కులు తానే కోసుకునేది. ఎంత వద్దన్నా వినేది కాదు. రిజల్ట్ వస్తే ఎప్పుడూ ఆమె వేసుకున్నదానికంటే ఎక్కువే ఉండేది.

భూపాలపల్లి చెల్లె: అక్కా, నాది 1999 నవంబరు. నాకూ ఆ రెండు (వ)లు ఉన్నయి. నేను పరీక్ష అయిపోగానే పేపర్ మడిచి బ్యాగులో పడేసేదాన్ని.

మడికొండ పంతులుగారు: ఈ అమ్మాయి చెప్పింది గట్టి మాట. 1999 సెప్టెంబరు నుంచి డిసెంబరు సగం దాకా పుట్టిన పిల్లలందరికీ మేషంలో ఈ రెండు (వ)లూ ఉంటాయి. వాళ్ల తరగతిలో మూడో వంతుకు దగ్గరగా బెంచీలు వాళ్లవే అయి ఉంటాయి. లగ్నాన్ని బట్టి మేషం ఒకరికి నాలుగో ఇల్లు, ఇంకొకరికి పదోది అవుతుంది. అది చూడకుండా ఒక్క అక్షరంతో మనిషి స్వభావం చెప్పడం నాకు చేతకాదు. సంబంధం వద్దనడం అసలే కుదరదు.

జనగామ తమ్ముడు: మరి పేపర్లలో రాసే 'తిరోగమనం' వాడుకోవచ్చు కదా, 'వక్రం' కంటే నయం.

కాజీపేట సార్: 'తిరోగమన విధానాలు' అని తిట్టడానికి వాడుతున్నది కూడా ఆ మాటే కదా తమ్ముడూ. దానికీ మచ్చ పడింది.

నర్సంపేట అన్న: సార్, 'వంకర' సంస్కృతం నుంచి ఎందుకు రావాలె? 'వంగు', 'వంపు' మన మాటలే కదా, వాటి పక్కదే 'వంకర'.

కాజీపేట సార్: అదీ ఆలోచించాల్సిందే. ప్రాకృతంలో 'వంక' ఉంది, మనకు 'వంగు' ఉంది. ఇందాక నేను తొందరపడి తేల్చేశాను.

హన్మకొండ టీచర్: ఇప్పుడే అబ్బాయి జాతకం తీసి చూశాను. చేత్తో రాసింది, ఏ గ్రహం పక్కనా (వ) లేదు. 1996 నవంబరు నాలుగో వారం, రవి వృశ్చికంలో, శని మీనంలో. వృశ్చికం నుంచి లెక్కపెడితే మీనం అయిదోది. పంతులుగారూ, ఇది?

మడికొండ పంతులుగారు: అయిదు అంచు అమ్మా, లెక్కతో తేలదు. ఆ ఏటి పంచాంగం చూశాను. శని వక్రత్యాగం డిసెంబరు మొదటి వారంలో ఉంది. నవంబరు పుట్టుకంటే ఆ అబ్బాయి శని కూడా వక్రే. రాసినాయన (వ) వేయలేదు, అంతే.

హన్మకొండ టీచర్: అక్కకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.