గ్లాసీ పేపర్ మీద నలుపు ఆరడం లేదు: తప్పు పేపర్‌దా, ఇంకుదా?

మల్లెమొగ్గ: పుట్టినరోజు ఫోటో, దాని కింద పేరూ తేదీ నల్లటి అక్షరాల్లో వేశాను. ఏ4 గ్లాసీ, 180 జీఎస్ఎం, నాలుగు ట్యాంకుల ప్రింటర్, ఫోన్ నుంచి ప్రింట్. రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టినా వేలు తగిలితే నలుపు చెరిగిపోతోంది. పేపర్ వెనక కంపెనీ పేరేమీ లేదు, రెండు వైపులా తెల్లగానే ఉంది. తిరగేసి పెట్టానా? అసలు ఎంతసేపు ఆరబెట్టాలి?

స్టూడియో_తణుకు: తిరగేసే పెట్టారు, అనుమానం లేదు. వేలి కొస కాస్త తడి చేసుకుని పేపర్ మూలన నొక్కి చూడండి, మధ్యలో వద్దు. కోటింగ్ ఉన్న వైపు వేలికి జిగురులా పట్టుకుంటుంది, రెండో వైపు పట్టుకోదు. పట్టుకున్న వైపే ప్రింట్ పడాలి. వెనక ట్రే అయితే ఆ వైపు మీకు ఎదురుగా ఉండాలి, కింద ముందు ట్రే అయితే బోర్లా ఉండాలి. రోజుకి పది మంది ఇదే తప్పుతో వస్తారు.

గోదారిగట్టు: వానాకాలంలో మా వైపు ఏదీ ఆరదండీ, అప్పడాలే ఆరవు. హెయిర్ డ్రయ్యర్ పెట్టండి.

ఇంకుచుక్క: ఆరబెట్టే ముందు ఒక్కటి చెప్పండి. నలుపు ఒక్కటే చెరుగుతోందా, రంగులు కూడానా? ట్యూబ్‌లైటు కింద పేపర్‌ని వంచి పక్కనుంచి చూడండి. అక్షరాలు కూడా చుట్టూ ఉన్న పేపర్‌లాగే మెరుస్తున్నాయా, లేక అక్కడ మాత్రం బొగ్గు రాసినట్టు మొద్దుగా ఉందా?

మల్లెమొగ్గ: అక్షరాలు మొద్దుగా ఉన్నాయి, మెరుపు లేదు. జుట్టు దగ్గర కూడా కొంచెం అలాగే ఉంది. చీర ఎరుపు, వెనక చెట్ల ఆకుపచ్చ గట్టిగా రుద్దినా కదలడం లేదు.

ఇంకుచుక్క: అయితే పేపర్ సరైన వైపే పెట్టారు. మీ ప్రింటర్ నలుపు ట్యాంకులో ఉన్నది పిగ్మెంట్ ఇంకు, మిగతా మూడూ డై. నాలుగు ట్యాంకుల మిషన్లలో చాలావాటికి ఇలాగే ఉంటుంది. సీసా మీద రాసి ఉంటుంది, చూడండి.

డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. గ్లాసీ కోటింగ్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పిగ్మెంట్ కరగదు, సన్నటి బొగ్గు నలుసులు నీళ్లలో తేలుతుంటాయి. మామూలు కాగితం మీద ఆ నలుసులు పీచులో చిక్కుకుని గట్టిగా పట్టుకుంటాయి, అందుకే ఉత్తరాలకి అది మంచి నలుపు. గ్లాసీ మీద చిక్కుకోవడానికి పీచు లేదు. నీరు ఇంకిపోతుంది, పొడి మాత్రం పైన కూర్చుంటుంది. రాత్రంతా కాదు, వారం ఆరబెట్టినా వేలికి వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది ఎప్పుడో ఆరిపోయింది. మీరు తుడుస్తున్నది తడి కాదు, పొడి.

ఇక అసలు ప్రశ్న: ఫోన్‌లో ప్రింట్ నొక్కే ముందు Paper Type లో ఏముంది?

స్టూడియో_తణుకు: పన్నెండేళ్లుగా గ్లాసీ మీద నల్ల అక్షరాలు వేస్తున్నాం. పెళ్లి ఫోటోల కింద పేర్లు, తేదీలు, అన్నీ. ఒక్కటీ చెరగలేదు. నలుపు గ్లాసీ మీద నిలవదంటే ఎలా నమ్మాలి? తిరగేసి పెడితేనే చెరుగుతుంది. పరీక్ష చేయమనండి ముందు.

ఇంకుచుక్క: పరీక్ష చేయొద్దని నేను అనలేదు. కానీ తిరగేసి పెడితే కనిపించే గుర్తులు వేరు. 180 జీఎస్ఎం చవక గ్లాసీకి వెనక వైపు ఉత్త కాగితమే. అక్కడ ప్రింట్ పడితే రంగులు వెలిసినట్టు, అంచులు పీచుల్లోకి పాకినట్టు వస్తాయి, కానీ ఆరతాయి. ప్లాస్టిక్ పొరతో వచ్చే ఖరీదు పేపర్‌కి వెనక వేస్తే ఇంకు పీల్చుకోదు, తామరాకు మీద నీళ్లలా ముద్దలుగా నిలబడుతుంది, అన్ని రంగులూ కలిసి చెరుగుతాయి. ఈవిడకి ఎరుపు కదలడం లేదు, నలుపు ఒక్కటే కదులుతోంది. పేపర్ తిరగబడితే నలుపుని ఒక్కదాన్నే ఎంచుకుని చెరపదు కదా.

ఇంతకీ మీ స్టూడియోలో ఉన్నది ఆరు రంగులదా?

స్టూడియో_తణుకు: ఆరు రంగులదే. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఇంకుచుక్క: ఫోటోల కోసమే చేసిన ఆరు రంగుల ట్యాంకు మిషన్లలో మామూలుగా నలుపు కూడా డై. మీకు పన్నెండేళ్లు కాదు, ఇరవై నాలుగేళ్లయినా ఈ సమస్య రాదు.

రంగులరాట్నం: ఒక్క నిమిషం. పెద్ద ల్యాబుల్లో పిగ్మెంట్ మిషన్లే పెట్టి గ్లాసీ మీద వేస్తారు. పిగ్మెంట్ గ్లాసీ మీద నిలవదన్నది తప్పు.

ఇంకుచుక్క: మంచి ప్రశ్న, నేను పూర్తిగా చెప్పలేదు. ఆ మిషన్లకి ఫోటో బ్లాక్, మ్యాట్ బ్లాక్ అని రెండు నలుపులుంటాయి. ఫోటో బ్లాక్‌లో నలుసులకి రెజిన్ పూత ఉంటుంది, అది గ్లాసీకి అతుక్కుంటుంది. ఇంట్లో వాడే మిషన్ ట్యాంకులో నలుపు కాగితాల కోసం చేసింది. రెండూ పిగ్మెంటే, పని వేరు.

కరెంటుబిల్లు: నాకూ ఇదే గోల. ఊళ్లో షాపువాడు అంటగట్టిన పేపర్, డబ్బులు దండగ. ప్రతి షీటుకీ రెండు అంచుల్లో నల్లగా రాసుకుపోతోంది. నలుపు పిగ్మెంట్ అయితే నాకు రంగులు కూడా ఎందుకు రాసుకుంటున్నాయి?

ఇంకుచుక్క: మీది వేరే గొడవ. అంచుల్లో మాత్రమే పడితే పేపర్ వంగి, ఇంకు చిమ్మే హెడ్‌కి తగులుతోందని అర్థం. ప్యాకెట్ తెరిచి బయట పెట్టిన గ్లాసీ ఇలా వంకర తిరుగుతుంది. వంకరకి ఎదురు దిశలో మెల్లగా వంచి చదును చేసి, ఒక్కో షీటే పెట్టండి. డ్రైవర్ Maintenance లో రాపిడి తగ్గించే ఆప్షన్ ఉంటే పెట్టుకుని, ఆ పని అయ్యాక తీసేయండి.

మల్లెమొగ్గ: Paper Size A4 పెట్టాను. Paper Type చూడలేదు. ఇప్పుడు చూస్తే Plain Paper అని ఉంది. నేను గ్లాసీ పేపరే కదా పెట్టానని…

ఇంకుచుక్క: అదే. ట్రేలో ఏ పేపర్ ఉందో మీ మిషన్‌కి కనబడదు, మీరు చెప్పిందే నమ్ముతుంది. Plain అంటే పిగ్మెంట్ నలుపు తీస్తుంది. Glossy Photo Paper అని చెబితే ఇలాంటి మిషన్లు నలుపు ట్యాంకుని ముట్టుకోవు, మూడు రంగులు కలిపి నలుపు తయారు చేస్తాయి. ఆ మూడూ డైలే కాబట్టి కోటింగ్‌లోకి దిగిపోతాయి. చాలా ఫోన్ యాప్‌లలో ఇది తిరిగి Plain కి వచ్చేస్తుంది, ప్రతిసారీ చూసుకోండి.

పెద్ద షీటు పాడు చేసుకోకుండా, 4×6 ముక్క మీద పేరు ఒక్కటే వేయండి. పది నిమిషాలాగి, పొడి వేలితో అక్షరం అంచున ఒక్కసారి రుద్దండి. తర్వాత ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి, ఈసారి అక్షరం కూడా మెరవాలి.

స్టూడియో_తణుకు: సరే సెట్టింగ్ అనుకుందాం. మూడు రంగుల నలుపు నలుపేనా? గోధుమ రంగు తిరుగుతుంది, సన్నక్షరాలు కాస్త ఉబ్బుతాయి. ఇక్కడ పుస్తకం చదివి చెప్పడం తేలిక. కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉంటే తెలుస్తుంది.

ఇంకుచుక్క: గోధుమ తిరుగుతుంది, ఒప్పుకుంటున్నా. ఆ మాట ముందే అని ఉంటే తగువే లేదు. మీరు మాత్రం మొదటి నుంచీ తిరగేసి పెట్టారనే పట్టుకున్నారు.

స్టూడియో_తణుకు: ఎందుకు పట్టుకున్నానంటే, మా దగ్గర పాస్‌పోర్టు ఫోటో పది నిమిషాల్లో చేతికివ్వాలి. మీ లాంటివాళ్లు ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టాలని రాస్తారు, అది చదివొచ్చి కస్టమర్ నన్ను నిలదీస్తాడు. ‘ఇప్పుడే ఇచ్చేశారు, ఇది పాడైపోతుందట’ అని. నాకున్న బాధ అది.

ఇంకుచుక్క: ఇప్పుడు అర్థమైంది. ఇరవై నాలుగు గంటలనేది చేత్తో పట్టుకోవడానికి కాదు. కోటింగ్‌లో సన్నటి రంధ్రాలుండే మంచి పోరస్ పేపర్ మీద డై ఇంకు కొద్ది నిమిషాల్లోనే చేతికి అంటదు, పాస్‌పోర్టు ఫోటో నిస్సంకోచంగా ఇచ్చేయొచ్చు. చవక గ్లాసీకైతే ఇంకొంచెం ఆగండి. కానీ ఇంకులో నీళ్లతో పాటు గ్లైకాల్ లాంటివి ఉంటాయి, హెడ్ ఎండిపోకుండా వేస్తారు. అవి ఆవిరవడానికి రోజు పడుతుంది. ఈలోపు అద్దం ఫ్రేములో బిగిస్తే అద్దం లోపలి వైపు మసక కడుతుంది. లామినేషన్ చేస్తే లోపల పొగమంచులా తెల్లగా చిక్కుకుంటుంది. రోజంతా ఆగమన్నది ఫ్రేముకి, ఆల్బమ్ కవర్‌కి, లామినేషన్‌కి.

గోదారిగట్టు: మరి నా హెయిర్ డ్రయ్యర్ సంగతి?

ఇంకుచుక్క: చల్లగాలి అయితే జానెడు దూరం నుంచి పర్వాలేదు. వేడి పెడితే కోటింగ్ వైపు ముడుచుకుని పేపర్ గొట్టంలా చుట్టుకుంటుంది. దానికంటే పావుగంట విడిగా పరిచి, తర్వాత పైన మామూలు తెల్లకాగితం వేసి వదిలేయండి. మిగిలిన తడిని ఆ కాగితం లాగుతుంది. వానాకాలంలో మీ వైపు ఆలస్యమవుతుందన్నది మాత్రం నిజమే, గాల్లో తేమ ఎక్కువైతే ఏ కోటింగయినా నెమ్మదిస్తుంది.

మల్లెమొగ్గ: 4×6 మీద వేశాను. రుద్దినా రావడం లేదు, మెరుస్తోంది కూడా. ‘శ్రీ’లో రావత్తు దగ్గర గోధుమ ఛాయ ఉంది, స్టూడియో గారు చెప్పినట్టే. ఇంకొకటి, ఇప్పుడు ట్రేలో మామూలు పేపర్ పెడితే దాని వెనక నల్ల మరకలు పడుతున్నాయి.

ఇంకుచుక్క: నిన్నటి పొడి రోలర్ల మీద, కింది పలక మీద అంటుకుంది. Maintenance లో Bottom Plate Cleaning లాంటిది ఉంటే, అది చెప్పినట్టు కాగితం మడత పెట్టి నడపండి. లేకపోతే ఖాళీ తెల్లకాగితాలు మరక పడనంత వరకూ ఒక్కొక్కటే పంపండి. అది తేలకుండా గ్లాసీ పెట్టకండి.

స్టూడియో_తణుకు: ఆ గోధుమ ఛాయ వద్దనుకుంటే అక్షరాలు నలుపులో కాకుండా ముదురు నీలంలో వేయండి మేడమ్. ఎవరికీ తెలీదు.

రంగులరాట్నం: లేదా అక్షరాలున్నవి మ్యాట్ పేపర్ మీద వేసుకోండి.

స్టూడియో_తణుకు: మ్యాట్ ఇస్తే కస్టమర్ తిరిగి తెచ్చి ‘మెరుపేది’ అంటాడు. మీరొచ్చి సమాధానం చెబుతారా?