షాక్ ప్రశ్నకు పరీక్షలో అందరూ జవాబు రాశారు, వార్డులో ఎవరూ గుర్తుపట్టలేదు. ప్రశ్న ఎలా మార్చాలి?

వార్డ్‌ట్యూటర్
రెండో సంవత్సరం నర్సింగ్ పిల్లలకు సర్జికల్ సబ్జెక్ట్ చెప్తాను. మొన్నటి పరీక్షలో "హైపోవోలెమిక్ షాక్‌లో అన్నిటికంటే ముందు కనిపించే మార్పు ఏది?" అని ఇచ్చాను. ఆప్షన్లు: బీపీ పడిపోవడం, పల్స్ పెరగడం, స్పృహ తప్పడం, పెదాలు నీలంగా మారడం. 60 మందిలో 55 మంది పల్స్ అనే పెట్టారు. రెండు వారాలు తిరక్కుండానే వార్డులో ఒక పేషెంట్‌కి ఆపరేషన్ తర్వాత పల్స్ గంటగంటకూ ఎక్కుతుంటే, ఆ 55 మందిలో ఒకమ్మాయి చార్టులో నీట్‌గా రాసేసి పక్క మంచానికి వెళ్లిపోయింది. అదేంటమ్మా అంటే "బీపీ నార్మలే కదా మేడమ్" అంది. ఇలాంటిది పట్టుకునే ఎంసీక్యూ రాయడం అసలు కుదురుతుందా, లేక వైవా పెట్టుకోవాల్సిందేనా?

చాక్‌పీస్
కుదురుతుంది మేడమ్, సింపుల్. నిర్వచనాలు అడక్కుండా ఒక పేషెంట్ కేసు పెట్టేయండి, దానంతటదే అప్లికేషన్ లెవెల్ ప్రశ్న అయిపోతుంది. నేనైతే ఇలా రాస్తా: "42 ఏళ్ల మహిళకు గర్భసంచి తీసివేసే ఆపరేషన్ అయ్యి 3 గంటలైంది. పల్స్ 130, బీపీ 80/50, చర్మం చల్లగా చెమటగా ఉంది. ఈమెకు ఏమైంది?" ఆప్షన్లలో హైపోవోలెమిక్ షాక్, సెప్టిక్ షాక్, అలాంటివి నాలుగు.

ఫైనలియర్
అక్కా, మాకు వచ్చే నెల పరీక్షలు. ఇలాంటి ప్రశ్నలు జవాబులతో సహా పీడీఎఫ్ ఉంటే పెట్టరా ప్లీజ్?

రాత్రిడ్యూటీ
ఇక్కడ ప్రశ్నలు రాయడం గురించి మాట్లాడుకుంటున్నాం తమ్ముడూ, పీడీఎఫ్ లేదు. కానీ చదువుతూ ఉండు, పేపర్ సెట్ చేసేవాళ్లు ఎక్కడ దొరికిపోతారో నీకే తెలుస్తుంది.

చాక్‌పీస్ గారు, సగం వరకు మీతో ఒప్పుకుంటా. పేషెంట్ ఉండాలి, కానీ పేషెంట్‌ని తెచ్చి మంచం మీద పడుకోబెట్టినంత మాత్రాన సరిపోదు. మీ ప్రశ్నలో వయసు తీసేయండి, ఆపరేషన్ తీసేయండి, "80/50, చల్లటి చర్మం" అని మాత్రం ఉంచండి. ఆప్షన్లలో ఎలాగూ షాక్ పేర్లే ఉన్నాయి కాబట్టి జవాబు వచ్చేస్తుంది. అంటే పాత బట్టీ ప్రశ్నకే చీర కట్టారన్నమాట. పైగా బీపీ 80కి పడ్డాక గుర్తుపట్టడంలో నర్సు తెలివేముంది, అప్పటికి వార్డ్ బాయ్‌కి కూడా తెలిసిపోతుంది.

నేను పట్టుకునే కొలత ఒక్కటే. స్టెమ్‌లో ఒక్క వివరం మారిస్తే జవాబు మారాలి. మారకపోతే ఆ వివరం అలంకారం, మొత్తం స్టెమ్ అలాగే ఉంటే అది జ్ఞాపకశక్తి పరీక్ష.

ట్యూటర్ మేడమ్, మీ అమ్మాయి తప్పు ఎక్కడుందో ముందు చూడండి. పల్స్ పెరుగుతుందని ఆమెకు తెలుసు, పరీక్షలో రాసింది కూడా. కానీ అంకెల్ని విడివిడిగా నార్మలా కాదా అని చూసింది, గంటకీ గంటకీ మధ్య ఏం జరుగుతోందో చూడలేదు. కాబట్టి స్టెమ్‌లో "రక్తస్రావం" అనే మాటా "షాక్" అనే మాటా రాకుండా, వార్డు చార్టు ఎలా ఉంటుందో అలాగే ఇవ్వండి:

గర్భసంచి ఆపరేషన్ అయిన మహిళ, బరువు 60 కిలోలు.
1 గంటకు: పల్స్ 82, బీపీ 126/78, శ్వాస 16, యూరిన్ 50 మి.లీ.
2 గంటలకు: పల్స్ 96, బీపీ 122/82, శ్వాస 18, యూరిన్ 40 మి.లీ.
3 గంటలకు: పల్స్ 114, బీపీ 118/90, శ్వాస 24, యూరిన్ 20 మి.లీ.
డ్రెస్సింగ్ పొడిగా ఉంది. నొప్పి 10కి 5. పక్క మీద అటూ ఇటూ కదులుతోంది, "ఎందుకో కంగారుగా ఉంది" అంటోంది. మార్ఫిన్ తర్వాతి డోస్ టైమ్ అయింది.

చూడండి, 118/90 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. కానీ పైదానికీ కిందదానికీ తేడా 48 నుంచి 40కి, అక్కణ్నుంచి 28కి వచ్చింది. రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడుతున్నాయి కాబట్టి కింది అంకె ఎక్కుతోంది. యూరిన్ కిలోకి గంటకు అర మి.లీ. లెక్కన 30 ఉండాలి, 20కి పడింది. వీటన్నిటినీ కలిపి చదివితేనే కథ తెలుస్తుంది.

వార్డ్‌ట్యూటర్
అబ్బ, అచ్చం ఆ రోజు చార్టే ఇది. "ఇప్పుడు నర్సు ఏం చేయాలి?" అని అడిగి ఆప్షన్లు ఇలా రాశాను, చూడండి.
ఎ. మార్ఫిన్ ఇచ్చి 30 నిమిషాల తర్వాత మళ్లీ చూడడం
బి. బీపీ నార్మల్‌గా ఉంది కాబట్టి గంటకోసారి చూడడం కొనసాగించడం
సి. లోపల రక్తస్రావం జరుగుతోందేమోనని అనుమానించి, మూడు గంటల అంకెలతో సహా సర్జన్‌కి వెంటనే తెలియజేయడం
డి. క్యాథెటర్ ఫ్లష్ చేసి గంటసేపు యూరిన్ చూడడం

రాత్రిడ్యూటీ
తప్పు ఆప్షన్లు బాగా దొరికాయి. ఒక్కోదాని వెనక వార్డులో నిజంగా జరిగే ఒక్కో పొరపాటు ఉంది: కంగారుని నొప్పి అనుకోవడం, బీపీని నమ్ముకోవడం, యూరిన్ తగ్గితే ట్యూబ్‌ని అనుమానించడం. నేనైతే ఇవి కూర్చుని ఊహించను. ముందు ఆప్షన్లు లేకుండా స్టెమ్ మాత్రం ఇచ్చి పది మంది పిల్లల్ని ఒక్క లైన్‌లో జవాబు రాయమంటా, వాళ్లు రాసిన తప్పులే ఆప్షన్లవుతాయి.

కానీ స్టెమ్‌ని చేత్తో మూసేసి ఆప్షన్లు మాత్రం చదవండి. ఎలో 30 నిమిషాలు ఆగాలి, బిలో గంట ఆగాలి, డిలో గంట ఆగాలి. సిలో మాత్రం "వెంటనే". పైగా సి అన్నిటికంటే పొడుగు. పేషెంట్‌ని చూడకుండానే జవాబు దొరికిపోయింది. ఫైనలియర్ తమ్ముడూ, నువ్వు ఏది పెట్టేవాడివి?

ఫైనలియర్
సి నే. నిజం చెప్పాలంటే స్టెమ్ పూర్తిగా చదవలేదు సార్ 😅

రాత్రిడ్యూటీ
అదీ సంగతి. ఆగే టైమ్‌లన్నీ తీసేయండి. "టైమ్ అయిన మార్ఫిన్ డోస్ ఇవ్వడం", "పక్కన కూర్చుని ధైర్యం చెప్పి లైట్లు తగ్గించడం", "మూడు గంటల రీడింగులతో సర్జన్‌కి ఫోన్ చేయడం", "క్యాథెటర్ ట్యూబ్ మూసుకుందేమో చూసి ఫ్లష్ చేయడం". నాలుగూ నర్సు చేసే పనులే, ఏ పేషెంట్‌కైనా ఒకప్పుడు సరైనవే. "రక్తస్రావం అనుమానించి" అన్నది కూడా తీసేశాను, రోగనిర్ధారణ మనమే చేసి పెడితే ఇక వాళ్లు ఆలోచించేదేముంది. ప్రశ్న చివర "అన్నిటికంటే ముందు ఏది చేయాలి" అని ఉండాలి.

ఐసీయూసిస్టర్
నేను టీచర్‌ని కాను, ఐసీయూలో 14 ఏళ్లుగా ఉన్నాను. నాకు ఈ కీ నచ్చలేదు. సర్జన్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగే మొదటి మాట "ప్యాడ్ ఎలా ఉంది, పొట్ట గట్టిపడిందా?" అని. అది చూడకుండా ఫోన్ చేస్తే తిట్లు పడతాయి. అలాగే క్యాథెటర్ మెలిక పడిందేమో చూడడానికి పది సెకన్లు పట్టదు, నేను డి చేసి ఆ తర్వాతే సి చేస్తా. మా పాత పరీక్షలో ఇలాంటిదానికే నాకు మార్కు పోయింది, ఇప్పటికీ కడుపుమంటే.

చాక్‌పీస్
మరి పిల్లలకు ముందు అసెస్‌మెంట్, తర్వాతే యాక్షన్ అని నేర్పుతున్నాం కదా. ఆ లెక్కన డి నే రైట్ అని రీవాల్యుయేషన్‌కి వస్తారు.

రాత్రిడ్యూటీ
సిస్టర్ చెప్పింది న్యాయమే. ఇక్కడ తప్పు పిల్లలది కాదు, స్టెమ్‌ది. నర్సు అప్పటికే ఏమేం చూసిందో స్టెమ్ చెప్పాలి. "ప్యాడ్ మీద చిన్న మరక ఉంది, క్యాథెటర్ ట్యూబ్ మెలిక లేకుండా ఉంది" అని ఒక్క వాక్యం కలిపితే అసెస్‌మెంట్ అయిపోయినట్టు. మెలిక లేదన్నా లోపల మూసుకుపోయి ఉండొచ్చని డి కొంత ఊపిరితో ఉంటుంది, కానీ ఎక్కుతున్న పల్స్‌ని అది వివరించలేదు. పొట్ట గట్టిపడిందని మాత్రం రాయకండి, అది రాస్తే జవాబు చెవిలో చెప్పినట్టే.

కీ పెట్టే ముందు సిస్టర్ లాంటి అనుభవం ఉన్న ముగ్గురికి జవాబు చెప్పకుండా ఇవ్వండి. ముగ్గురూ ఒకటే పెట్టకపోతే స్టెమ్ మార్చాలి, లేదా ప్రశ్నని వదిలేయాలి. ఓటింగ్ పెట్టి కీ తేల్చకూడదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీనికి కవల ప్రశ్న ఒకటి రాయండి. అదే మహిళ, అవే నాలుగు ఆప్షన్లు, అదే కంగారు. 3 గంటలకు పల్స్ 108, బీపీ 140/86, శ్వాస 22, యూరిన్ మూడు గంటలూ 50 దగ్గరే ఉంది, దగ్గితే నొప్పి 8, మెలకువగా ఉంది, గత డోస్ ఇచ్చి 4 గంటలైంది. ఇక్కడ పల్స్ పెరిగింది నొప్పి వల్ల, జవాబు మార్ఫిన్. కవల లేకపోతే "కంగారు ఉంటే సర్జన్‌కి ఫోన్" అని సీనియర్లు జూనియర్లకు చెప్పేస్తారు, వచ్చే ఏడాదికి మీ ప్రశ్న కూడా బట్టీ ప్రశ్నే.

వార్డ్‌ట్యూటర్
పరీక్ష అయింది, మళ్లీ వచ్చాను. ముగ్గురు స్టాఫ్‌కి చూపిస్తే ముగ్గురూ ఫోన్ అనే అన్నారు. రెండు ప్రశ్నల్నీ పేపర్‌లో దూరదూరంగా పెట్టాను. రక్తస్రావం ప్రశ్నకు మొత్తం మార్కుల్లో పై 16 మందిలో 11 మంది, కింది 16 మందిలో 5గురు సరిగ్గా పెట్టారు. లైట్లు తగ్గించడం ఒక్కరు కూడా పెట్టలేదు. రెండు కవలలూ సరిగ్గా చేసినవాళ్లు క్లాస్ మొత్తం మీద 19 మందే. పాత ప్రశ్నకు 55!

రాత్రిడ్యూటీ
11లోంచి 5 తీసి 16తో భాగిస్తే 0.37 దాటింది, ప్రశ్న బాగానే పనిచేసింది. అంత చిన్న గుంపు కాబట్టి ఆ అంకెని మరీ గట్టిగా పట్టుకోకండి. లైట్ల ఆప్షన్ చచ్చిపోయింది, తీసేసి మూడే ఉంచండి. నాలుగు ఉండాల్సిందేనని రూల్ ఉంటే తప్ప నాలుగోది బలవంతంగా పుట్టించక్కర్లేదు. పై 16 మందిలో తప్పు పెట్టిన ఆ 5గురూ ఏది పెట్టారు?

వార్డ్‌ట్యూటర్
నలుగురు క్యాథెటర్. పిలిచి అడిగితే ముగ్గురు "ముందు అసెస్‌మెంట్ కదా మేడమ్" అన్నారు, చాక్‌పీస్ గారు అన్నట్టే. స్టెమ్‌లో ట్యూబ్ చూశారని ఉన్నా ఆ సూత్రమే పట్టుకున్నారు. నాలుగో అమ్మాయి మాత్రం "ఫ్లష్ చేస్తూనే ఫోన్ చేస్తా, ఒక్కటే పెట్టమన్నారు కాబట్టి చేతికి దగ్గరున్నది పెట్టా" అంది.

ఐసీయూసిస్టర్
ఆ అమ్మాయికి మార్కు ఇవ్వండి మేడమ్.

రాత్రిడ్యూటీ
ఇవ్వకూడదు. ఇద్దరు మనుషులు అవసరమైన జవాబుని ఒక్క గుండ్రంలో దిద్దమన్నాం, అది ఎంసీక్యూ హద్దు. అది కావాలంటే ఆ ఒక్క ప్రశ్ననీ "వర్తించేవన్నీ ఎంచుకోండి" రకంలోకి మార్చి, ప్రతి సరైన ఎంపికకూ విడిగా మార్కు పెట్టాలి. కాకపోతే ఫ్లష్ చేయడం ఆ లిస్టులో సరైనదా కాదా అని మనం ముందు తేల్చుకోవాలి.

ఐసీయూసిస్టర్
సరైనదే.

చాక్‌పీస్
ట్యూబ్ చూశాక కాదు.